ప్రతి అతిథికీ ఒక గది నంబరు

‘కాస్మాస్’ అనే హోటల్లో గదులకు అంతు లేదు. ఒకటో నంబరు గది, రెండో నంబరు గది, మూడోది... అలా ఎంత దూరం నడిచినా ముందు ఇంకో తలుపు కనిపిస్తుంది. ఆఖరి గది అంటూ లేదు. అంతరిక్ష యాత్రికుడు ఇయోన్ తిహి అక్కడికి చేరేసరికి గదులన్నీ నిండిపోయి ఉన్నాయి. సదస్సు కోసం గెలాక్సీలన్నిటి నుంచీ వచ్చిన జంతుశాస్త్రవేత్తలు గదికొకరు చొప్పున దిగారు. అయినా తిహికి గది దొరుకుతుంది. ఒక్కరిని కూడా బయటికి పంపకుండా, ఏ ఇద్దరినీ ఒకే గదిలో సర్దకుండా.

ఈ కథ రాసింది నౌమ్ విలెన్‌కిన్ అనే సోవియట్ గణిత శాస్త్రజ్ఞుడు. 1965లో రష్యన్‌లో అచ్చయిన ‘సమితుల కథలు’ అనే పుస్తకాన్ని ఆయన ఈ కథతోనే మొదలుపెట్టాడు. కథానాయకుడిని మాత్రం పోలండ్ రచయిత స్తనిస్వావ్ లెమ్ దగ్గర అరువు తెచ్చుకున్నాడు. ఇయోన్ తిహి లెమ్ సృష్టించిన పాత్ర. అందువల్లే ఈ కథ చాలాచోట్ల లెమ్ పేరు మీదే చలామణీ అవుతోంది. హోటల్ ఆలోచన ఇంకా పాతది. జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ 1924-25 చలికాలంలో గోటింగెన్‌లో అనంతం గురించి ఇచ్చిన ఉపన్యాసాల్లో దీన్ని వాడాడు. దాన్ని జనంలోకి తెచ్చింది 1947లో వచ్చిన జార్జ్ గామోవ్ పుస్తకం. హిల్బర్ట్ ఒక ఉదాహరణగా చెప్పి వదిలేసినదాన్ని విలెన్‌కిన్ కథగా పెంచాడు. అతిథులు వస్తూనే ఉంటారు, ఇబ్బంది ప్రతిసారీ ఒక మెట్టు పెరుగుతుంది, ప్రతిసారీ కొత్త ఉపాయం కావాలి.

మొదటి ఉపాయం చాలామంది విన్నదే. ఒకటో గదిలో ఉన్నవారు రెండుకు, రెండులో ఉన్నవారు మూడుకు, మూడులో ఉన్నవారు నాలుగుకు మారాలి. ఏ గదిలో ఉన్నా పక్క గదికి వెళ్లాలి. అంటే n నంబరు గదిలో ఉన్నవారికి ఇకమీదట n + 1. ఒకటో గది ఖాళీ అవుతుంది, తిహి అందులో దిగుతాడు.

ఇక్కడ మన బుద్ధి సహజంగా అడ్డుపడే చోటు ఒకటుంది. చివరివాడు ఎక్కడికి వెళ్తాడు? వంద గదుల హోటల్లో ఇదే పని చేస్తే నూరో గదివాడు సామానుతో సహా రోడ్డున పడతాడు. కాస్మాస్‌లో అలా పడేవాడు లేడు, ఎందుకంటే ఆఖరి గదే లేదు. ఎవరిని ఆపి అడిగినా తను వెళ్లాల్సిన గది నంబరు చెప్పగలడు. నలభై ఏడో గదివాడు నలభై ఎనిమిదికి, పదిలక్షలో గదివాడు పది లక్షల ఒకటో గదికి. దారి తెలియక నిలబడిపోయినవాడు ఒక్కడూ కనబడడు.

ఇదే సంగతిని తిరగేసి చూస్తే కొత్తగా వచ్చినవారికి గది ఇవ్వడంలో జరిగే పొరపాటు తెలుస్తుంది. తిహిని ఒకటో గదిలో దింపే బదులు, ‘అందరూ అయిపోయాక వచ్చే గది’లో ఉండమని చెప్పామనుకోండి. అలాంటి గదికి నంబరు లేదు. నంబరు లేని గదికి తాళం ఇవ్వలేం. ఈ కథలో ఏ ఏర్పాటునైనా పరీక్షించడానికి గట్టి పద్ధతి ఒక్కటే. అతిథులందరి చేతుల్లో తలా ఒక చీటీ ఉండాలి. దాని మీద మామూలు సంఖ్య ఒకటి రాసి ఉండాలి, ఏ రెండు చీటీల మీదా ఒకే సంఖ్య ఉండకూడదు. అంతే. అతిథుల గుంపు ఎంత పెద్దదైనా, అలా చీటీలు పంచే నియమం ఒకటి చెప్పగలిగితే దాన్ని గణితంలో ‘గణ్య సమితి’ అంటారు. లెక్కపెట్టడం పూర్తవుతుందని కాదు, అది ఎన్నటికీ పూర్తికాదు. మనం ఎవరిని చూపించినా లెక్క ఎప్పుడో ఒకప్పుడు వారి దాకా చేరుతుంది. అదీ అర్థం.

తిహి స్థిరపడ్డాక కథలో తపాలా బిళ్లల సేకర్తలు వస్తారు. వారిదీ సదస్సే, వారూ అనంతమే. మొదటి ఉపాయాన్నే మళ్లీ మళ్లీ వాడితే సరిపోదా అనిపిస్తుంది. ఒక్కొక్క సేకర్త వచ్చినప్పుడల్లా అందరినీ ఒక్కో గది జరపడమే కదా. ఇది పనికిరాదు. ఎందుకో నిదానంగా చూడాలి. ఒకటో గదిలో ఉన్న తిహి సంగతే తీసుకోండి. మొదటి సేకర్త రాగానే అతను రెండుకు మారతాడు, రెండో సేకర్త రాగానే మూడుకు, మూడో సేకర్తకు నాలుగుకు. సేకర్తల రాకకు అంతు లేదు కాబట్టి అతని నడకకూ అంతు లేదు. చివరికి అతను ఏ గదిలో ఉన్నాడని అడిగితే జవాబు లేదు. విడివిడిగా చూస్తే ప్రతి అడుగూ సరైనదే, కానీ అడుగులన్నీ కలిపితే అతని చీటీ మీద సంఖ్య నిలవదు. అనంతంతో పనిచేసేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

అందువల్ల ఒక్కసారే జరిగే మార్పు కావాలి. పాత అతిథులు తమ గది నంబరుకు రెట్టింపు నంబరు గదికి వెళ్తారు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి నాలుగుకు, మూడు నుంచి ఆరుకు, n నుంచి 2n కు. ఒక్క కదలికతో సరి సంఖ్యల గదులన్నీ నిండుతాయి, బేసి సంఖ్యల గదులన్నీ ఖాళీ అవుతాయి. మొదటి సేకర్తకు 1, రెండోవారికి 3, మూడోవారికి 5, k నంబరు సేకర్తకు 2k - 1. ఇప్పుడు అందరి చీటీలూ స్థిరంగా ఉన్నాయి.

సదస్సు ముగిసి పాతవాళ్లంతా వెళ్లిపోయారనుకుందాం. సరి సంఖ్యల గదులు ఖాళీ. మూడో గదివారిని రెండుకు, ఐదో గదివారిని మూడుకు, ఏడో గదివారిని నాలుగుకు రప్పిస్తే హోటల్ మళ్లీ పూర్తిగా నిండిపోతుంది. సగం మంది వెళ్లినా హోటల్ నిండుగా ఉండటం వింతే. దానికన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. నిండిన హోటల్ నుంచి సరి సంఖ్యల గదులవాళ్లు వెళ్లిపోతే మిగిలేది అనంతం. అదే నిండిన హోటల్ నుంచి నాలుగో గది మొదలుకొని అందరూ వెళ్లిపోతే మిగిలేది ముగ్గురే. వెళ్లినవారి గుంపు రెండు సందర్భాల్లోనూ ఒకే పరిమాణం, ఇద్దరిద్దరినీ జతపెట్టి చూపించవచ్చు. మిగిలినది మాత్రం ఒకచోట అనంతం, ఒకచోట మూడు. అందుకే అనంతంలోంచి అనంతం తీసేస్తే ఎంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కూడికకు ఉన్న భరోసా తీసివేతకు లేదు.

కథలో అసలు చిక్కుముడి ఆ తర్వాత వస్తుంది. ఈ హోటల్ ఒక్కటే కాదు, ఇలాంటివే అనంతమైన గదులున్న హోటళ్లు అనంతంగా ఉన్నాయి, అన్నీ నిండి ఉన్నాయి. వాటిని మూసేసి అందరినీ కాస్మాస్‌లోనే సర్దాలన్నది ఆదేశం. హోటళ్లకు వరసగా నంబర్లు ఇద్దాం. కాస్మాస్ ఒకటో హోటల్. ఇప్పుడు ఒక్కో అతిథికి రెండు సంఖ్యలున్నాయి, పాత హోటల్ నంబరు, అందులో గది నంబరు. ఈ రెండింటినీ కలిపి ఒకే సంఖ్యగా చీటీ మీద రాయాలి.

ముందు ఒకటో హోటల్ వాళ్లందరికీ గదులిచ్చి, ఆ తర్వాత రెండో హోటల్ వాళ్లను పిలుద్దాం అనుకుంటే రెండో హోటల్ వంతు ఎన్నటికీ రాదు. రెట్టింపు ఉపాయాన్ని హోటల్ తర్వాత హోటల్‌కు వాడితే తిహికి జరిగిందే అందరికీ జరుగుతుంది, ఎవరూ ఒకచోట కుదురుకోరు.

దీనికి ఒక చక్కని దారి ప్రధాన సంఖ్యలది. ఒకటో హోటల్‌కు 2, రెండో హోటల్‌కు 3, మూడోదానికి 5, నాలుగోదానికి 7, ఇలా ఒక్కో హోటల్‌కు ఒక్కో ప్రధాన సంఖ్య ఇస్తాం. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు కాబట్టి ఏ హోటల్‌కూ కొరత రాదు. అతిథి తన హోటల్ ప్రధాన సంఖ్యను పాత గది నంబరు ఎంతో అన్నిసార్లు గుణించుకుంటే కొత్త గది నంబరు వస్తుంది. మూడో హోటల్ నాలుగో గదివారికి 5 × 5 × 5 × 5, అంటే 625. రెండో హోటల్ మూడో గదివారికి 27. ఇద్దరు ఒకే గది తలుపు తట్టే ప్రమాదం లేదు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టే విధం ఒకటే ఉంటుంది. 625 లో ఉన్నవన్నీ ఐదులే, కాబట్టి ఆ గదిలో వేరే హోటల్ వాళ్లు ఉండే వీలు లేదు.

అందరికీ చోటు దొరికింది. గణ్య సమితి అని తేల్చడానికి ఇది చాలు. కానీ హోటల్ యజమాని దీనితో తృప్తిపడడు, అతని బాధ న్యాయమైనదే. 1, 6, 10, 12, 14, 15 నంబరు గదుల్లోకి ఎవరూ రాలేదు, ఎందుకంటే అవి ఏ ఒక్క ప్రధాన సంఖ్యకూ ఘాతాలు కావు. మొదటి వంద గదులు లెక్కపెడితే 35 నిండుతాయి, 65 ఖాళీగా ఉంటాయి. అనంతమైన హోటళ్ల నుంచి అనంతమైన జనం వచ్చాక కూడా గదులు మిగలడం అనంతానికే చెల్లింది.

ఒక్క గదీ మిగలకుండా సర్దే పద్ధతి కూడా ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అతిథులను ఒక పెద్ద పట్టికలో నిలబెట్టండి. మొదటి వరసలో ఒకటో హోటల్ వాళ్లు, రెండో వరసలో రెండో హోటల్ వాళ్లు, అలా కిందికి. ఎడమ నుంచి కుడికి పాత గది నంబర్లు. ఇప్పుడు వరస వెంట పోకుండా, ఎడమ పైమూల నుంచి చతురస్రాలు పెంచుకుంటూ వెళ్లాలి. కొత్త గది నంబర్లు ఇలా పడతాయి:

```
 1   2   5  10
 4   3   6  11
 9   8   7  12
16  15  14  13
```

మూలన ఒక్కరు, వారికి 1. తర్వాత రెండేసి వరసల చతురస్రం పూర్తిచేయడానికి ముగ్గురు, వారికి 2, 3, 4. తర్వాత మూడేసి వరసల చతురస్రానికి ఐదుగురు. ప్రతి చుట్టూ పైనుంచి నిలువుగా దిగి, కింది మూలలో మలుపు తిరిగి, ఎడమకు సాగుతుంది. ఒక్కో చుట్టులో ఉండేది కొద్దిమందే కాబట్టి ఏ చుట్టూ అంతులేకుండా సాగదు. పట్టికలో ఎవరు ఎంత లోతున నిలబడినా చతురస్రం వారి దాకా పెరిగి తీరుతుంది.

మూడో హోటల్ ఐదో గదివారిని తీసుకోండి. వారు ఐదో చుట్టులో ఉన్నారు. అప్పటికే నాలుగేసి వరసల చతురస్రంలో 16 మంది అయిపోయారు. ఐదో నిలువు వరసలో పైనుంచి మూడోవారు కాబట్టి వారి గది 19. వెనక్కి కూడా లెక్క కట్టవచ్చు. 30వ నంబరు గదిలో ఎవరున్నారు? ఐదు ఐదులు ఇరవై ఐదు, ఆరు ఆరులు ముప్పై ఆరు. 30 ఆ రెంటి మధ్య పడింది కాబట్టి అది ఆరో చుట్టు, అందులో ఐదో స్థానం. అంటే ఐదో హోటల్‌లో ఆరో గదినుంచి వచ్చినవారు. ఏ గది తలుపు తట్టినా ఒకరు ఉంటారు, ఒక్కరే ఉంటారు.

ఈ పట్టికలో హోటళ్లు, గదులు అనే మాటలు తీసేసి హారం, లవం అని పెట్టండి. ఐదో వరసలో మూడోది అంటే 3/5. ధన భిన్నాలన్నీ ఈ పట్టికలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. 1/2, 2/4 లాంటి ఒకే విలువలు రెండోసారి ఎదురైనప్పుడు దాటేసి ముందుకెళ్తే చాలు. సంఖ్యా రేఖ మీద ఏ రెండు బిందువుల మధ్యనైనా కిక్కిరిసి ఉండే భిన్నాలు ఒకటి, రెండు, మూడు అంటూ సాగే లెక్కింపు సంఖ్యలకన్నా ఎక్కువేమీ కావు. జర్మనీలోని హాలే నగరంలో పాఠాలు చెప్పిన గేయార్గ్ కాంటర్ 1870ల్లో ఇలాంటి నిజాలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు.

ఇంతవరకు వచ్చాక ఈ హోటల్‌కు లొంగనిది లేదనిపిస్తుంది. అతిథుల విషయంలో అది దాదాపు నిజమే. హోటల్ ఓడిపోయేది తన రిజిస్టరు దగ్గర.

ఏదైనా ఒక రాత్రి హోటల్ ఎలా ఉందో రాయాలనుకోండి. ఒక్కో గదికి నిండి ఉంటే 1, ఖాళీగా ఉంటే 0 రాస్తే చాలు. 1 0 1 1 0... అంటూ సాగే అంతులేని ఈ వరసే ఆ రాత్రి పరిస్థితి. మొదటి మూడు గదులే నిండిన రాత్రి ఒక వరస. సరి గదులే నిండిన రాత్రి ఇంకొక వరస. ఇలా హోటల్‌కు సాధ్యమయ్యే పరిస్థితులన్నిటినీ ఒక రిజిస్టరులో పేజీకొకటి చొప్పున రాయగలమా? రిజిస్టరుకు పేజీలు అనంతంగా ఉన్నాయి. గదులన్ని పేజీలు.

రాశామని ఎవరో రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారనుకుందాం. మనం ఒకటో పేజీలో ఒకటో గదికి ఏం రాశారో చూస్తాం. 1 ఉంటే మన కాగితం మీద ఒకటో గదికి 0 రాస్తాం, 0 ఉంటే 1 రాస్తాం. రెండో పేజీలో రెండో గది చూసి దానికి విరుద్ధంగా మన రెండో గదికి రాస్తాం. మూడో పేజీలో మూడో గది. ఇలా చివరంటా. మన కాగితం మీద తయారైనదీ హోటల్‌కు సాధ్యమయ్యే పరిస్థితే. అది రిజిస్టరులో ఏ పేజీలో ఉంది? ఒకటో పేజీతో ఒకటో గది దగ్గర తేడా వస్తుంది. వందో పేజీతో వందో గది దగ్గర తేడా వస్తుంది. ఏ పేజీతోనూ సరిపోదు.

పోనీ, మిగిలిపోయిన దాన్ని మొదటి పేజీలో పెట్టి మిగతావాటిని ఒక్కో పేజీ వెనక్కి జరుపుదాం, తిహికి చేసినట్టే. చేయొచ్చు. కానీ అలా తయారైన కొత్త రిజిస్టరుకు కూడా ఇదే పరీక్ష పెడితే ఇంకో పరిస్థితి బయటపడుతుంది. ఒక రిజిస్టరులో ఏదో మిగిలిపోయిందని కాదు ఈ వాదం చెప్పేది. ఎవరు ఎంత తెలివిగా రాసినా, ఏ రిజిస్టరూ పూర్తికాదని చెబుతోంది. కాంటర్ 1891లో ఇచ్చిన వాదం ఇది. పట్టికలో మూల నుంచి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి దీన్ని వికర్ణ వాదం అంటారు. వాస్తవ సంఖ్యలన్నిటికీ వరస నంబర్లు ఇవ్వడం కుదరదని ఆయన అంతకుముందే, 1874లో, వేరే దారిలో నిరూపించాడు.

ఈ వాదాన్ని నేర్చుకున్నవారు దాన్ని అన్నిచోట్లా ప్రయోగించి ఇరుక్కుంటారు. అంకెల వరసలు కనిపిస్తే చాలు, లెక్కకు అందవనేస్తారు. ఒక ఉదాహరణ చూడండి. కొన్ని గదులే నిండి, మిగతా అనంతమంతా ఖాళీగా ఉన్న రాత్రులను మాత్రమే రిజిస్టరులో రాయాలనుకుందాం. ఇవి కూడా సున్నా ఒకట్ల వరసలే. కానీ వీటికి పేజీ నంబర్లు ఇవ్వొచ్చు. ఒకటో గదికి 1, రెండో గదికి 2, మూడోదానికి 4, నాలుగోదానికి 8, ఇలా రెట్టింపవుతూ విలువలు పెట్టి, నిండిన గదుల విలువలు కూడి, దానికి ఒకటి కలపాలి. ఒకటి, మూడు గదులు నిండిన రాత్రికి 1 + 4, దానికి ఇంకొకటి, ఆరో పేజీ. మొత్తం ఖాళీగా ఉన్న రాత్రికి ఒకటో పేజీ. ఇలాంటి ఏ రాత్రీ మిగలదు.

మరి ఇక్కడ వికర్ణ వాదం ఏమైంది? ప్రయోగించి చూద్దాం. ఒకటో పేజీలో ఒకటో గది ఖాళీ. రెండో పేజీలో ఒకటో గది ఒక్కటే నిండింది, రెండోది ఖాళీ. మూడో పేజీలో రెండో గది ఒక్కటే నిండింది, మూడోది ఖాళీ. ప్రతి పేజీలోనూ మనం చూసే గది ఖాళీయే, ఎందుకంటే పేజీ నంబరు పెరిగే వేగంకన్నా గది విలువ చాలా వేగంగా పెరుగుతుంది. కాబట్టి మన కాగితం మీద అన్ని చోట్లా 1 పడుతుంది. అది గదులన్నీ నిండిన రాత్రి. అది రిజిస్టరులో లేని మాట నిజమే. కానీ ఉండాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ రిజిస్టరు కొన్ని గదులే నిండిన రాత్రులకు. వాదం తప్పు కాలేదు. అది చూపించిన వరస మనం జాబితా రాస్తున్న గుంపుకు చెందనిది, అంతే. వికర్ణ వాదం ఎక్కడ వాడినా, చివర్లో తయారైన కొత్త వస్తువు అదే గుంపులోదేనా అని చూడటం ఒక్కటే జాగ్రత్త.

ఇప్పుడు మన దగ్గర రెండు అనంతాలు ఉన్నాయి. ఒకటి గదులది, రెండోది రాత్రి పరిస్థితులన్నిటిదీ. రెండోది ఖచ్చితంగా పెద్దది. ఈ రెంటి మధ్య పరిమాణంలో ఇంకొక అనంతం ఉందా? లేదనే కాంటర్ నమ్మాడు, నిరూపించలేకపోయాడు. హిల్బర్ట్ 1900లో ప్రకటించిన సమస్యల జాబితాలో మొట్టమొదట పెట్టింది దీన్నే. మధ్యలో ఏదీ లేదనుకున్నా గణితపు మామూలు స్వీకృతాలతో విరోధం రాదని కుర్ట్ గోడెల్ 1930ల చివర్లో చూపించాడు. ఉందనుకున్నా విరోధం రాదని పాల్ కోహెన్ 1963లో చూపించాడు. విలెన్‌కిన్ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆ జవాబు వచ్చి రెండేళ్లే అయింది. ఆ స్వీకృతాల నుంచి ఉందనీ నిరూపించలేం, లేదనీ నిరూపించలేం. వాటికి తోడు ఇంకే కొత్త స్వీకృతాన్ని ఒప్పుకుంటే ఇది తేలుతుందన్న దాని మీద సమితి సిద్ధాంతవేత్తలు ఈనాటికీ పనిచేస్తున్నారు.